45 మిల్లీవోల్టుల సెల్‌తో ΔS, ΔH తీయడం: నా అనుభవం

ఎమ్మెస్సీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కింద నాకు ఇచ్చిన పని ఒక్క లైన్లో చెప్పొచ్చు. సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్, కాలొమెల్ ఎలక్ట్రోడ్ కలిపి ఒక సెల్ కట్టు, టెంపరేచర్ మారుస్తూ వోల్టేజ్ చూడు, ఆ గ్రాఫ్ స్లోప్ నుంచి రియాక్షన్ ఎంట్రోపీ, ఎంథాల్పీ లెక్కగట్టు. డిసెంబర్ రెండో వారంలో టాపిక్ ఇచ్చారు, సంక్రాంతి లోపల అయిపోతుందనుకున్నా, మార్చి మొదటి వారానికి గానీ నమ్మదగ్గ నంబర్ రాలేదు. ఫార్ములాలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి ఎక్కువ పోను, ఆ మధ్య రెండు నెలలు ఎటు పోయాయో మాత్రం రాస్తా.

సెల్‌లో జరిగే రియాక్షన్ ఇది:

2Ag + Hg₂Cl₂ → 2AgCl + 2Hg

కాలొమెల్ పాజిటివ్, వెండి నెగెటివ్. రెండు వైపులా ఉండేది ఒకే KCl ద్రావణం కాబట్టి సాల్ట్ బ్రిడ్జ్ గొడవ లేదు, పైగా క్లోరైడ్ రియాక్షన్‌లోనే కనపడదు, అటూ ఇటూ కొట్టుకుపోతుంది. అంటే KCl 0.1 మోలార్ అయినా 1 మోలార్ అయినా 25 డిగ్రీల దగ్గర సుమారు 45.5 మిల్లీవోల్టులే రావాలి. గైడ్ సార్ ఈ సెల్ ఎంచుకోవడానికి కారణం అదే, నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది కూడా అదే, ఎలాగో కింద చెప్తా.

ముందు మీటర్ సంగతి. మా ల్యాబ్‌లో ఉన్న డిజిటల్ పొటెన్షియోమీటర్ 1 మిల్లీవోల్ట్ వరకే చూపిస్తుంది. ఈ సెల్ డిగ్రీకి మారేది 0.34 మిల్లీవోల్టులు, అంటే 15 నుంచి 40 డిగ్రీల దాకా పోయినా మొత్తం తేడా ఎనిమిదిన్నర మిల్లీవోల్టులు. దాన్ని 1 మిల్లీవోల్ట్ మీటర్‌తో కొలిస్తే గ్రాఫ్ బదులు మెట్లు వస్తాయి. మామూలు మల్టీమీటర్ 200 మిల్లీవోల్ట్ రేంజ్‌లో పెడితే 0.1 దాకా కనిపిస్తుంది, అదీ చాలదు. ఎందుకు చాలదో లెక్కేసి చూపిస్తే గానీ ఫిజిక్స్ వాళ్ళు వాళ్ళ బెంచ్ మీటర్ ఇవ్వలేదు, ఆ లెక్క ఇదీ: స్లోప్‌లో డిగ్రీకి 0.01 మిల్లీవోల్ట్ తప్పు వస్తే ΔS లో 1.9 J/K తేడా, దాన్ని 298 తో గుణిస్తే ΔH లో దాదాపు 0.6 కిలోజౌళ్ళు ఎగిరిపోతాయి, మనం కొలవబోయే ΔH మొత్తమే పదకొండు కిలోజౌళ్ళు. ఆ మీటర్ చేతికి రావడానికి ఉత్తరం, సంతకాలు, క్రిస్మస్ సెలవులు అన్నీ కలిపి పది రోజుల పైనే పట్టింది. అది 0.01 మిల్లీవోల్ట్ హాయిగా చూపిస్తుంది, ఇన్‌పుట్ రెసిస్టెన్స్ కూడా చాలా ఎక్కువ, సెల్ నుంచి కరెంట్ లాగదు. కరెంట్ పారితే మనం కొలిచేది రివర్సిబుల్ వోల్టేజ్ కాదు, అప్పుడు ΔG అనే మాటే వాడకూడదు.

ఈలోపు వెండి ఎలక్ట్రోడ్లు చేసుకున్నా. కెమికల్ కంపెనీ వాళ్ళ సిల్వర్ వైర్ రేటు చూసి కళ్ళు తిరిగాయి, నేరుగా బంగారం కొట్టుకి వెళ్ళి ఆయనకి విషయం చెప్పా. నగల వెండిలో రాగి కలుస్తుంది, అది పనికిరాదు, కలపని వెండే కావాలన్నా. ఆయన ముందు నవ్వాడు గానీ ఒక మిల్లీమీటర్ మందంలో తీగ లాగి ఇచ్చాడు, మూడు ముక్కలకి రెండు గ్రాముల పైన వెండి పట్టింది, దాని ఖరీదు కన్నా తీగ లాగిన కూలీ గురించే బేరం ఎక్కువ నడిచింది. సన్నటి ఎమరీ పేపర్‌తో రుద్ది, పలచటి నైట్రిక్ యాసిడ్‌లో ఒక్క క్షణం ముంచి, డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడిగి, 0.1 మోలార్ HCl లో తీగని పాజిటివ్‌కి కలిపి అర మిల్లీ ఆంపియర్ కరెంట్ ఇచ్చా. నాలుగు సెంటీమీటర్ల తీగ మునిగి ఉంటే అది చదరపు సెంటీమీటర్‌కి 0.4 మిల్లీ ఆంపియర్ లెక్కన పడుతుంది. తొందరపడి కరెంట్ పెంచితే పొర పొడిపొడిగా రాలిపోతుంది. అరగంటకి తీగ మీద వంకాయ రంగు కలిసిన బూడిద రంగు సమానంగా పట్టింది. రాత్రంతా KCl లో నానబెట్టి, తెల్లారి మూడిట్లో రెండేసి చొప్పున మీటర్‌కి కలిపి చూశా, వాటి మధ్య తేడా 0.1 మిల్లీవోల్ట్ లోపు ఉంటే ఎలక్ట్రోడ్లు బాగున్నట్టు. ఒకటి 0.6 చూపించింది, పక్కన పెట్టేశా, మిగతా రెండూ 0.03 లో ఉన్నాయి. వెలుతురు తగిలితే సిల్వర్ క్లోరైడ్ నల్లబడుతుంది కాబట్టి బీకర్ చుట్టూ అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఉంచా.

కాలొమెల్ మాత్రం కొన్నదే, రెండు వేల చిల్లర అయింది. సొంతంగా చేయాలంటే పాదరసం కావాలి, ల్యాబ్‌లో పాదరసం బయటికి తీయడానికి ఎవరూ ఒప్పుకోలేదు, నాకూ ఇష్టం లేదు. అలా కొన్న ఎలక్ట్రోడ్ లోపల ఉండేది సాచురేటెడ్ KCl, అడుగున తెల్లటి పలుకులు కూడా కనిపిస్తుంటాయి.

జనవరిలో సంక్రాంతి సెలవులు అయ్యాక మొదటి రన్. మా దగ్గర సీనియర్ల నుంచి చేతులు మారుతూ వచ్చిన ప్రొసీజర్ షీట్‌లో ఏముందంటే, గది వేడిలో సాచురేటెడ్ KCl కలుపు, వడగట్టు, బీకర్‌లో పోయి, రెండు ఎలక్ట్రోడ్ల కొనలు ముంచు, వాటర్ బాత్‌లో పెట్టి వేడి చేయి. అలాగే చేశా. 25 దగ్గర 45.4 వచ్చింది, భలే అనుకున్నా. 40 కి వెళ్ళేసరికి 48.4 మాత్రమే. రావాల్సింది 50 దాటి. తిరిగి 25 కి దించితే 45.4 కి రాకుండా 44.3 దగ్గర ఆగింది, గంట కూర్చున్నా కదల్లేదు. ఎక్కేటప్పటి స్లోప్ 0.20, దాంతో లెక్కేస్తే ΔH +2.7 కిలోజౌళ్ళు. టేబుల్స్ నుంచి లెక్కగడితే వచ్చేది +11.35. ఇది చిన్న తేడా కాదు కదా.

ఇక్కడే రెండు వారాలు పోయాయి. మీటర్ అనుకున్నాం, వైర్లు అనుకున్నాం, వెండి తీగలు మార్చాం, ఏం చేసినా అంతే. అసలు క్లూ ఎక్కడుందంటే, వేడి చేసేటప్పుడు ఒక దారి, చల్లార్చేటప్పుడు ఇంకో దారి రావడంలో ఉంది. మీటర్ తప్పు అయితే రెండు దారులూ ఒకేలా తప్పు రావాలి. లోపల ఏదో నెమ్మదిగా మారుతోందన్నమాట. సార్ కాలొమెల్ ఎలక్ట్రోడ్‌ని లైటుకి ఎదురుగా పట్టుకుని చూసి "లోపల పలుకులు ఉన్నాయిగా, మరి బీకర్‌లో ఏవీ?" అన్నారు, అంతే, ఇంకేం చెప్పలేదు, వెళ్ళిపోయారు.

విషయం ఏంటంటే KCl 20 డిగ్రీల దగ్గర వంద గ్రాముల నీళ్ళలో 34 గ్రాములు కరుగుతుంది, 40 దగ్గర 40 గ్రాములు. వేడి చేస్తే కాలొమెల్ గొట్టం లోపల పలుకులు కరిగి ద్రావణం చిక్కబడుతుంది. బయట బీకర్‌లో పలుకులు లేవు, అది ఎంత ఉందో అంతే ఉంటుంది. అప్పుడు రెండు ఎలక్ట్రోడ్లు చూసే క్లోరైడ్ ఒకటి కాదు, కాబట్టి అది కొట్టుకుపోదు. 20 నుంచి 40 డిగ్రీలకి పూర్తిగా కరిగితే ఈ ఒక్క కారణం వల్లే నాలుగు మిల్లీవోల్టుల పైన తగ్గిపోతుంది, అదే ఇరవై డిగ్రీలకి మనకి రావాల్సిన పెరుగుదల ఏడు మిల్లీవోల్టుల లోపే. దించేటప్పుడు పలుకులు మళ్ళీ కట్టడం ఇంకా నెమ్మది, అందుకే 44.3 దగ్గర ఇరుక్కుంది. నేను కొలిచినదాంట్లో సగం KCl కరగడం గురించి, మిగతా సగమే నా రియాక్షన్ గురించి.

దీనికి రెండు దారులు. బీకర్‌లో కూడా పలుకులు వేసి ప్రతి టెంపరేచర్ దగ్గర రెండు వైపులా పూర్తిగా కరిగేదాకా ఆగడం ఒకటి, గొట్టం లోపల కలిపే వీలు లేదు కాబట్టి అది గంటలు గంటలు. రెండోది అసలు సాచురేషనే వద్దనుకుని రెండు వైపులా 1 మోలార్ KCl పెట్టడం. మేం రెండోదే పట్టుకున్నాం. కాలొమెల్ ఎలక్ట్రోడ్ పక్కన చిన్న రబ్బర్ మూత ఉంటుంది, అది తీసి సిరంజితో పాత ద్రావణం లాగేసి, 1 మోలార్ పోసి, ఒక రోజు ఉంచి, మళ్ళీ లాగేసి, మళ్ళీ పోసి, ఇలా పలుకులు మొత్తం పోయేదాకా, లోపలి సన్న గొట్టంలో ఇరుక్కున్నదంతా బయటికి వచ్చేదాకా రోజూ ఇదే పని. ఎప్పుడు అయిపోయిందో తెలియడానికి వోల్టేజే గుర్తు. లోపల సాచురేటెడ్, బయట 1 మోలార్ ఉన్నప్పుడు సెల్ ఆరు మిల్లీవోల్టుల దగ్గర మొదలైంది, రోజురోజుకీ ఎక్కుతూ ఎక్కుతూ వారం దాటాక 45.5 దగ్గర ఆగిపోయింది. ఇంకో రెండు రోజులు చూసినా అక్కడే. రెండు వైపుల క్లోరైడ్‌లో పది శాతం తేడా మిగిలి ఉన్నా రెండున్నర మిల్లీవోల్టుల దాకా పక్కకి పోయేది కాబట్టి ఇంతకన్నా మంచి చెక్ ఇంకోటి ఉండదు, పైగా ఖర్చు లేదు. ఒకే సీసాలోని ద్రావణమే రెండు వైపులా వాడాలి, రెండుసార్లు తూచి కలిపితే ఎంత జాగ్రత్తపడ్డా తేడా వస్తుంది. KCl కూడా ఏఆర్ గ్రేడ్ తెప్పించా, బ్రోమైడ్ కొంచెం కలిసి ఉన్నా వెండి ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ జరుగుతుంది.

ఇంకో సంగతి, షీట్‌లో కొనలు ముంచమని రాసుంది గానీ కాలొమెల్ ఎలక్ట్రోడ్‌లో అసలు పాదరసం, కాలొమెల్ ఉండేది కొన దగ్గర కాదు, పైన లోపలి గొట్టంలో. కొన 40 లో ఉన్నా ఆ పైభాగం గది వేడిలో ఉంటే మనం రాసుకునే టెంపరేచర్‌కి అర్థం లేదు. అందుకని పొడుగాటి బోరోసిల్ టెస్ట్‌ట్యూబ్ లాంటి గొట్టం తీసుకుని, రెండు ఎలక్ట్రోడ్లనీ లోపలి కాలొమెల్ మట్టం పైదాకా మునిగేలా దింపి, పైన రబ్బర్ కార్క్ బిగించా. కార్క్ లేకపోతే వేడికి నీళ్ళు ఆవిరై బయటి KCl చిక్కబడుతుంది, మళ్ళీ అదే రోగం.

ఫిబ్రవరి రెండో సగం అసలు కొలతలు. మా వాటర్ బాత్ వేడి చేస్తుంది గానీ చల్లబరచదు, కింద 15 డిగ్రీలు కావాలంటే ఐస్ వేయాలి. జ్యూస్ షాపు అబ్బాయి దగ్గర ఐస్ గడ్డ రోజుకి యాభై రూపాయలకి తెచ్చుకున్నా, పొద్దున్నే ఏడింటికి మొదలుపెడితే ఎండ ఎక్కేలోపు 15, 20 రెండూ అయిపోయేవి. ఒక టెంపరేచర్ దగ్గర స్థిరపడటానికి ముప్పావు గంట నుంచి గంట. బాత్ థర్మామీటర్ పది నిమిషాల్లో ఆగిపోతుంది, అది చూసి రీడింగ్ రాసేసుకుంటే అంతే సంగతులు, కాలొమెల్‌కి వేడి అందడం, అది సర్దుకోవడం చాలా నెమ్మది. పది నిమిషాల పాటు 0.01 స్థానంలో అంకె ఒక దిక్కుకి జరగకుండా ఉంటేనే రాసుకున్నా.

మీటర్ ముందు కూర్చుంటే ఒక తమాషా కనిపించింది. బాత్ రిలే టక్‌మని పడ్డప్పుడల్లా అంకె ఒక్కసారి ఎగిరి మళ్ళీ కిందికి వచ్చేది, అది కరెంటు నాయిస్, పట్టించుకోనక్కర్లేదు. కానీ ఆ తర్వాత రెండు నిమిషాలకి 47.26 నుంచి 47.29, 47.31 అని మెల్లగా ఎక్కి, మళ్ళీ అలాగే మెల్లగా దిగేది. బాత్ 0.2 డిగ్రీ అటూ ఇటూ ఊగుతుంటే సెల్ దాన్ని చూపిస్తోందన్నమాట. అప్పుడు గొట్టం బయట ఇంకో పెద్ద గాజు జార్ పెట్టి మధ్యలో నీళ్ళు పోశా, ఊగడం ఆగిపోయింది, కాకపోతే స్థిరపడే టైమ్ ఇంకో పావుగంట పెరిగింది.

చివరికి నిలిచిన రన్ ఇది, ఎక్కేటప్పటివి:

15 °C: 42.07 mV
20 °C: 43.80 mV
25 °C: 45.51 mV
30 °C: 47.26 mV
35 °C: 48.97 mV
40 °C: 50.69 mV

40 పైకి పోలేదు, కాలొమెల్ ఎక్కువ వేడికి నమ్మకంగా ఉండదు, దిగేటప్పుడు తేడా చూపిస్తుంది. ఈ ఆరు పాయింట్లకి గీత గీస్తే స్లోప్ 0.345 మిల్లీవోల్టులు, 25 దగ్గర గీత చెప్పే E 45.52. ఇక లెక్క:

ΔG = −nFE = −2 × 96485 × 0.04552 = −8.78 kJ
ΔS = nF(dE/dT) = 2 × 96485 × 0.000345 = +66.6 J/K
ΔH = ΔG + TΔS = −8.78 + 19.85 = +11.1 kJ

దిగేటప్పటి స్లోప్ 0.341 వచ్చింది, దాంతో ΔS 65.8, ΔH 10.8. అందుకని రిపోర్ట్‌లో ΔH ని 11.0 అని, అటూ ఇటూ 0.3 అని రాశా. గీత మీద పాయింట్లు ఎంత అందంగా కూర్చున్నాయో చూసి ఎర్రర్ ఇంకా చిన్నది రాయాలనిపిస్తుంది, ఎక్సెల్ కూడా చాలా చిన్న నంబరే ఇస్తుంది, కానీ ఎక్కే దిగే దారుల మధ్య తేడానే నిజమైన ఎర్రర్.

ΔH ప్లస్‌లో రావడం చూసి మా క్లాస్‌మేట్ ఒకడు గుర్తు తప్పు వేశావన్నాడు. తప్పు కాదు. ఈ రియాక్షన్ దానంతట అదే జరుగుతుంది, అయినా వేడి మింగుతుంది. సెల్‌ని చాలా నెమ్మదిగా, రివర్సిబుల్‌గా నడిపితే బాత్ నుంచి 19.85 కిలోజౌళ్ళ వేడి తీసుకుంటుంది, అందులో 8.78 కరెంటుగా మన చేతికి ఇస్తుంది, మిగతా 11.1 తను దాచుకుంటుంది. అంటే బయటికి వచ్చే కరెంటు పని మొత్తం చుట్టూ ఉన్న నీళ్ళ వేడిలోంచి వచ్చిందే. ఇది ఎక్కడి నుంచి వస్తుందో టేబుల్‌లో ఎంట్రోపీలు చూస్తే తెలుస్తుంది: ఎడమ వైపు రెండు వెండి 42.55 చొప్పున, కాలొమెల్ 191.6, కుడి వైపు రెండు సిల్వర్ క్లోరైడ్ 96.25 చొప్పున, రెండు పాదరసం 75.9 చొప్పున. తీసేస్తే +67.6. గట్టి పదార్థాలు పోయి రెండు మోల్స్ ద్రవ పాదరసం పుడుతోంది, మిగతావన్నీ ఘనపదార్థాలే, ఎంట్రోపీ పెరగక ఏం చేస్తుంది. నాది 66.6, ఒక్క J/K తేడా.

మార్చిలో వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ మొదటి ప్రశ్నే n గురించి వేశారు. "రియాక్షన్‌ని సగం చేసి Ag + ½Hg₂Cl₂ అని రాస్తే వోల్టేజ్ ఎంత, ΔS ఎంత?" వోల్టేజ్ అదే, స్లోప్ అదే, n ఒకటి అవుతుంది కాబట్టి ΔS 33.3, ΔH 5.5 అని చెప్పా. అందుకే నంబర్ పక్కన రియాక్షన్ రాయకపోతే ఆ నంబర్‌తో ఎవరికీ ఉపయోగం లేదు, పాత రికార్డుల్లో సగం మంది రాయలేదు, ఎవరిది రెట్టింపో ఎవరిది సగమో పోల్చలేక నేను ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నా. రెండో ప్రశ్న, గీత నిజంగా తిన్నగా ఉందా అని. 25 డిగ్రీల వెడల్పులో వంపు కనిపించదు, వంపు ఉంటే అది ΔCp చెప్తుంది గానీ దానికి ఈ సామాను చాలదని చెప్తే ఒప్పుకున్నారు.

ఇప్పుడు నా జూనియర్‌కి లెడ్-లెడ్ క్లోరైడ్, సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ సెల్ ఇచ్చారు, నా వెండి తీగలు, జార్, కార్క్ అన్నీ తనకే ఇచ్చేశా. తన సెల్ 0.49 వోల్టుల దగ్గర ఉంటుంది, స్లోప్ మైనస్ 0.186 మిల్లీవోల్టుల చుట్టూ రావాలి. తనకి ΔH మైనస్ 105 కిలోజౌళ్ళు, అందులో స్లోప్ నుంచి వచ్చే వాటా దాదాపు పదకొండే, మిగతా 94.6 నేరుగా E నుంచి వస్తుంది, కాబట్టి తను స్లోప్ ఇరవై శాతం తప్పుగా కొలిచినా ΔH లో రెండు శాతమే తేడా పడుతుంది. నా సెల్‌లో అదే ఇరవై శాతం తప్పుకి ΔH లో నాలుగు కిలోజౌళ్ళు, అంటే మూడో వంతు పైనే పోతుంది. తన ΔH చూసి అంతా బాగానే ఉందనుకుని ΔS ని వదిలేయొద్దని, దించేటప్పటి రీడింగులు కూడా తీయమని చెప్పా. కాలొమెల్ లేదు కాబట్టి సిరంజి పని తనకి తప్పింది, లెడ్ మాత్రం గాలి తగలకుండా ఉంచుకోవాలి.